వాసన లేదు, విరగలేదు, చేదుగా ఉంది: తెరిచిన పాలు ఫ్రిజ్‌లో ఎన్ని రోజులు ఉంటాయి?

ప్రశ్న: "ఆరు రోజుల కిందట తెరిచిన కార్టన్ పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. పుల్లటి వాసన లేదు, కాచితే విరగలేదు, కానీ నాలుకకు కొంచెం చేదు తగిలింది. పెట్టె మీద తేదీకి ఇంకా రెండు నెలలుంది. వాడొచ్చా? అసలు ప్యాకెట్ పాలు కత్తిరించాక ఎన్ని రోజులు, కార్టన్ అయితే ఎన్ని రోజులు ఉంటాయి?"

ఆ పాలు పారబోయండి. మిగతావన్నీ బాగున్నట్టు కనిపించినా సరే, చేదు ఒక్కటి చాలు. ఆ చేదు ఎందుకొచ్చిందో తెలిస్తే మీ రెండో ప్రశ్నకూ జవాబు దొరుకుతుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. నేను చాలా ఏళ్లు డెయిరీ ల్యాబ్‌లో పాల పరీక్షలు చేశాను. ఎక్కువమంది పొరబడే చోటు సరిగ్గా ఇదే. పాలు పాడైతే పులుస్తాయని, పులిస్తే విరుగుతాయని అందరం అనుకుంటాం. బయట పెట్టిన పాల విషయంలో అది నిజమే. ఫ్రిజ్‌లో పాడైన పాలు చాలాసార్లు పులవవు.

ముందు రోజుల లెక్క చెప్పేస్తాను. మామూలు ప్యాకెట్ పాలు, అంటే పాశ్చరైజ్ చేసి ప్లాస్టిక్ ప్యాకెట్‌లో నింపినవి, కత్తిరించాక 4 డిగ్రీల దగ్గర ఉంచితే రెండు రోజులు నిశ్చింతగా వాడొచ్చు. మూడో రోజు చూసుకుని వాడాలి. అవే పాశ్చరైజ్డ్ పాలు మూత బిగించే సీసాలోనో కార్టన్‌లోనో ఉంటే, అదే చల్లదనంలో ఐదు రోజులు, బాగా జాగ్రత్తపడితే వారం దాకా ఉంటాయి. ఈలోపు ముద్రించిన తేదీ దాటితే అక్కడితో ఆపేయాలి. గది వేడిలో నెలల తరబడి నిలిచే యూహెచ్‌టీ కార్టన్ పాలు తెరిచాక నాలుగైదు రోజులు. చాలా పెట్టెల మీద 'తెరిచాక ఇన్ని రోజుల్లో వాడాలి' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. నా అంకె కన్నా అది తక్కువైతే పెట్టె మాటే వినండి.

ఇక మీ పెట్టె మీద మిగిలిన రెండు నెలల సంగతి. ఆ తేదీ మూత తీయని పెట్టెకు వేసింది. యూహెచ్‌టీ అంటే పాలను 135 డిగ్రీలకు పైన కొన్ని సెకన్లు వేడిచేసి, ముందే శుభ్రపరిచిన పెట్టెలో గాలి తగలకుండా నింపడం. ఆ వేడికి పెరగగలిగిన జీవులు లోపల దాదాపు ఏమీ మిగలవు. నెలల తరబడి నిలిచేది అందుకే. అందులో నిల్వ మందేమో ఉందని కొందరు అనుకుంటారు కానీ అలాంటిదేం ఉండదు. మూత తీసిన క్షణం నుంచి అవి కూడా అందరి పాలలాంటివే. ఇంకా చెప్పాలంటే లోపల పోటీకి వేరే జీవులే లేని నేల అది. గాలి నుంచో, చేతి నుంచో, పెట్టె మూతి నుంచో ఏది ముందు పడితే అదే ఆక్రమించుకుంటుంది.

పాశ్చరైజ్ చేసిన పాల కథ వేరు. 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచి వెంటనే చల్లారుస్తారు. రోగాలు తెచ్చే బ్యాక్టీరియా చచ్చిపోవడానికి అది చాలు. కానీ గట్టి పెంకు కట్టుకున్న బీజాల్లాంటి స్పోర్లు బతికే ఉంటాయి. ఆ తర్వాత పైపుల్లో, నింపే యంత్రం దగ్గర కొన్ని కొత్తవి చేరొచ్చు. అంటే ఈ ప్యాకెట్‌లో మీరు కత్తెర పెట్టకముందే గడియారం నడుస్తూ ఉంటుంది. యూహెచ్‌టీ కార్టన్‌లో ఆ గడియారం మీరు మూత తీసినప్పుడు మొదలవుతుంది. అంతకు మించి తేడా లేదు.

ఇప్పుడు ఆ చేదు దగ్గరికి వద్దాం. పాలను పులిపించేవి లాక్టిక్ బ్యాక్టీరియా. పెరుగు తోడుకునేదీ ఈ జాతి వల్లే. వాటికి వెచ్చదనం కావాలి, 4 డిగ్రీల దగ్గర అవి దాదాపు ముడుచుకుని పడుకుంటాయి. ఆ చలిలో హాయిగా పెరిగేవి వేరే ఉన్నాయి, వాటిలో ముఖ్యమైనది సూడోమోనాస్. నీటిలో, తడి గచ్చుల మీద, సింక్‌లో, సరిగా ఆరని గిన్నె అడుగున ఉంటుంది. ఇది పాలలోని చక్కెర జోలికి పెద్దగా పోదు కాబట్టి ఆమ్లం తయారుకాదు, పులుపు రాదు. అది పాల మాంసకృత్తులను ముక్కలు చేస్తుంది, ఆ ముక్కల్లో కొన్ని చేదుగా ఉంటాయి. కొవ్వును విడగొడుతుంది, అప్పుడు పాత నూనె లాంటి, సబ్బు లాంటి రుచి వస్తుంది. ఒక్కోసారి మగ్గిన పండు వాసన కూడా వస్తుంది. ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు ఆ వాసన చూసి "బాగానే ఉందే, తియ్యగా ఉంది" అనేవారు. పాలకు పండు వాసన రావడం మంచి కబురు కాదని నేర్పడానికి కొన్నాళ్లు పట్టేది.

మీ పాలు కాచినా విరగకపోవడానికి కారణం కూడా ఇదే. పులుపును చూపే పీహెచ్ అంకె తాజా పాలలో సుమారు 6.7, పులుపు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. అది 4.6కు దిగితే కాచకుండానే గడ్డకడతాయి. అంతదాకా దిగకపోయినా పులుపు కాస్త పెరిగితే చాలు, పొయ్యి మీద వేడి తగిలేసరికి విరిగిపోతాయి. అంటే కాచి చూడడం పులుపుకు పెట్టే పరీక్ష మాత్రమే. పులుపు లేకుండా చేదెక్కిన పాలు మొదట్లో ఆ పరీక్ష సులువుగా దాటేస్తాయి. కాబట్టి విరిగితే పాడైనట్టే గానీ, విరగనంత మాత్రాన బాగున్నట్టు కాదు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. యూహెచ్‌టీ పాలలో చేదుకు మరో దారి ఉంది. వేడిచేయక ముందు పచ్చిపాలలో పెరిగిన బ్యాక్టీరియా వదిలిన ఎంజైములు కొన్ని ఆ వేడిని కూడా తట్టుకుని మిగులుతాయి. బ్యాక్టీరియా చచ్చిపోయినా అవి నెమ్మదిగా పని చేస్తూనే ఉంటాయి. అందుకే తెరవని కార్టన్ కూడా గడువు చివర్లో ఒక్కోసారి చేదెక్కుతుంది. మీ పెట్టెలో ఏ కారణమో ఇంట్లో కూర్చుని తేల్చలేం. తెరిచిన రోజు రుచి బాగుండి ఆరో రోజుకు చేదైతే, తెరిచాక చేరినవాటి పనే అనుకోవడం సబబు. ఏదైనా పారబోయాల్సిందే.

రోజులు ఇన్నే అని గీత గీసి ఎందుకు చెప్పలేమో ఒక లెక్కతో చూపిస్తాను. చలిని తట్టుకునే బ్యాక్టీరియా 4 డిగ్రీల దగ్గర 8 గంటలకోసారి రెట్టింపు అవుతుందని, 10 డిగ్రీల దగ్గర 4 గంటలకోసారి అవుతుందని అనుకుందాం. నిజంలో జాతిని బట్టి ఇటూ అటూ ఉంటుంది, లెక్కకు ఇది చాలు. మనిషి ముక్కుకో నాలుకకో తేడా తెలియాలంటే ఒక మిల్లీలీటరులో కోటి దాకా చేరాలి. తెరిచిన రోజు మిల్లీలీటరుకు ఒక్కటే పడిందనుకుంటే, 24 సార్లు రెట్టింపు అయ్యేసరికి కోటి దాటుతుంది. 4 డిగ్రీల్లో అందుకు 8 రోజులు పడుతుంది. 10 డిగ్రీల్లో నాలుగే రోజులు.

ఇప్పుడు అదే పాలు తడి గిన్నెలో పోశారనుకోండి, లేదా గిన్నె అడుగున నిన్నటి పాలు కొంచెం ఉండగానే వాటి మీద పోశారనుకోండి. ఒకటికి బదులు వెయ్యితో మొదలైంది. అంటే మొదటి పది రెట్టింపులు అయిపోయినట్టే, మిగిలినవి 14. నాలుగు డిగ్రీల్లో ఐదు రోజులు కూడా నిండవు. 10 డిగ్రీల్లో రెండు రోజుల పైన కొన్ని గంటలు. పాలు అవే, ఫ్రిజ్ అదే. పోసిన గిన్నె మారింది, అంతే. నిన్నటి పాల మీద ఈరోజు పాలు పోయడమంటే తోడు వేయడమే, కాకపోతే ఆ తోడు మనకు పనికిరాని తోడు.

ఈ లెక్కలో ఇంకో సంగతి గమనించండి. 4 డిగ్రీల్లో పాలు చెడిపోయినట్టు తెలియడానికి సరిగ్గా ఒక రోజు ముందు, మిల్లీలీటరుకు ఇరవై లక్షలు ఉంటాయి. ఆ రోజు మీరు వాసన చూస్తే ఏమీ తెలియదు, తాగితే ఏమీ తెలియదు. "నిన్న బాగానే ఉన్నాయండీ, రాత్రికి రాత్రి చెడిపోయాయి" అని ఎంతమంది అన్నారో నాకు. రాత్రికి రాత్రి కాదు, ఆ ముందు వారమంతా జరుగుతున్నదే చివరి రోజున పైకి వచ్చింది.

ఫ్రిజ్ చల్లదనం మీద మాత్రం ఊహలు పెట్టుకోకండి. మా చెల్లెలు ఒకసారి, ఏ పాలు కొన్నా మూడో రోజుకే తేడాగా ఉంటున్నాయని, కొట్టు మార్చినా అలాగే ఉందని ఫోన్ చేసింది. వెళ్లి చూస్తే కార్టన్ తలుపు అరలో ఉంది. ఒక గ్లాసు నీళ్లలో థర్మామీటర్ ఉంచి ఆ అరలోనే రాత్రంతా పెట్టాం. గాలి వేడి తలుపు తీసినప్పుడల్లా ఎగిరిపడుతుంది కాబట్టి నీళ్లలోనే చూడాలి, పాల పరిస్థితి ఆ నీళ్లకు దగ్గరగా ఉంటుంది. పొద్దున్నే చూస్తే 10. మరుసటి రాత్రి అదే గ్లాసు మధ్య అరలో, వెనక గోడ దగ్గర పెడితే 4. ఫ్రిజ్‌లో ఏ లోపమూ లేదు. పిల్లలు రోజుకు ముప్ఫైసార్లు తలుపు తీస్తే ముందు వేడెక్కేది తలుపు అరే. పాల సీసా పట్టేలా తలుపులో చోటు చేసి ఇస్తారు గానీ పాలకు అది అన్నింటికన్నా చెడ్డ చోటు. కార్టన్ లోపలికి జరిపాక ఐదో రోజు కూడా పాలు బాగున్నాయి.

బయట ఉన్న గంటలను కూడా ఈ లెక్కలో కలపాలి. ఫ్రిజ్ బయట మొత్తం రెండు గంటలు దాటితే ఆ పాలను మళ్లీ దాచకూడదు, ఎండలు మండే రోజుల్లో 32 డిగ్రీలు దాటితే ఒక గంటే. విడతలు విడతలుగా అరగంట చొప్పున బల్ల మీద మరిచిపోయినా అది కలుస్తూనే పోతుంది. కావలసినంత వంచుకుని వెంటనే లోపల పెట్టేయడం మేలు. గ్లాసులో మిగిలిన పాలను తిరిగి పెట్టెలో పోయవద్దు, పెట్టెకు నోరు పెట్టి తాగనివ్వద్దు.

ప్యాకెట్‌కు ఉన్న ఇబ్బంది ఏమిటంటే కత్తిరించాక దాన్ని తిరిగి మూయలేం. మూలను మడిచి క్లిప్పు పెట్టినా పాలు పక్క వస్తువుల వాసన పీల్చుకుంటాయి. కోసిన ఉల్లిపాయ పక్కన ఒక రాత్రి ఉంటే చాలు. మూత గట్టిగా పట్టే గాజు సీసాలోనో స్టీలు డబ్బాలోనో పోసుకోండి. వేడి నీళ్లు, సబ్బుతో కడిగి పూర్తిగా ఆరిన గిన్నె కావాలి. కత్తిరించే ముందు ప్యాకెట్ పైభాగాన్ని కడిగి తుడవండి, ఎక్కడెక్కడ దొర్లి వచ్చిందో మనకు తెలియదు.

కాచి దాచే ఇళ్లలో ఇంకో పొరపాటు చూశాను. కాచిన పాలు రాత్రంతా పొయ్యి మీదే గోరువెచ్చగా వదిలేసి పొద్దున ఫ్రిజ్‌లో పెడతారు. కాచడం వల్ల మామూలు బ్యాక్టీరియా చస్తుంది గానీ స్పోర్లు చావవు. మెల్లగా చల్లారే పాలలో అవి మేలుకుని పెరగడం మొదలుపెడతాయి. గిన్నెను చల్లటి నీళ్ల పళ్లెంలో దించి కలియబెడితే అరగంటలో చల్లబడుతుంది, అప్పుడు మూత పెట్టి లోపల ఉంచాలి. ఎలాగైనా రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో ఉండాలి. అలా చేసిన కాగిన పాలు రెండు మూడు రోజులు ఉంటాయి. రోజూ మళ్లీ కాస్తూ ఉంటే లెక్క మొదటికొస్తుందని అనుకోవద్దు, ఒకసారి పాలలో తయారైన పదార్థాలు కాచినా పోవు.

అందుకే అనుమానం వచ్చిన పాలను కాచి వాడేద్దామనే ఆలోచన వద్దంటాను. బాసిల్లస్ సెరియస్ అనే స్పోర్ల జాతి తయారుచేసే వాంతుల విషం, స్టెఫిలోకోకస్ వదిలే విషం మరుగుతున్న పాలలో కూడా చెక్కుచెదరవు. బ్యాక్టీరియా చచ్చినా విషం మిగులుతుంది. ఇవి ఎక్కువగా వెచ్చగా వదిలేసిన పాలలో తయారవుతాయి, కాబట్టి రాత్రంతా బయట ఉండిపోయిన పాలు పొద్దున బాగున్నట్టు కనిపించినా నేనైతే వాడను.

పాడైన పాలను ఎలా గుర్తుపట్టాలో నేను చేసే పద్ధతిలోనే చెబుతాను. ముందు పెట్టెను, ప్యాకెట్‌ను చూడండి. తెరవకముందే ఉబ్బి గట్టిగా ఉంటే లోపల గ్యాస్ తయారైంది, రుచి కూడా చూడకుండా పడేయండి. తెరిచినవాటిని శుభ్రమైన గాజు గ్లాసులో కొంచెం వంచండి. పెట్టె మూతి దగ్గర వాసన చూడొద్దు, అక్కడ అంచున ఎండిన చుక్కలు వేరే పులుస్తాయి. గ్లాసును ఒరిగించి మళ్లీ నిలబెట్టండి. మంచి పాలు గాజు మీద నుంచి పలుచటి పొరలా సమంగా జారుతాయి. పాడవుతున్న పాలు సన్నని రవ్వ రవ్వగా గాజుకు అంటుకుంటాయి, లేదా జిగురుగా కిందికి దిగుతాయి. చెంచా ముంచి ఎత్తితే తీగలా సాగితే ఇక చూడక్కర్లేదు. తర్వాత వాసన. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే చలికి వాసన అణిగి ఉంటుంది, ఒక చెంచాడు గిన్నెలో గోరువెచ్చగా చేసి చూస్తే దాగిందేదో బయటపడుతుంది. పులుపు ఒక్కదానికే వెతకొద్దు. మగ్గిన పండు, సబ్బు, పాత నూనె, తడి గుడ్డ, వీటిలో ఏది తగిలినా చాలు. ఇవన్నీ దాటాకే నాలుక మీద ఒక్క చుక్క వేసుకుని ఉమ్మేయండి. చేదు కొంచెం ఆగి తెలుస్తుంది, తొందరపడి బాగుందనుకోవద్దు.

పాడవ్వకపోయినా పాడైనట్టు కనిపించేవీ ఉన్నాయి. పైన తేలిన మీగడ, మూతకు అంటుకున్న తెల్లటి ముద్ద కొవ్వే, కదిపితే లేదా వేడిచేస్తే కలిసిపోవాలి. వేడి పాలలో కూడా కలవకుండా చిన్న చిన్న తునకలుగా తేలుతూనే ఉంటే మాత్రం అది మామూలు మీగడ కాదు, స్పోర్ల జాతి కొవ్వు పొరను కొరికేసిన గుర్తు. యూహెచ్‌టీ పాలకు ఉండే కాగిన వాసన, కొద్దిపాటి గోధుమ ఛాయ ఆ వేడి వల్ల వచ్చినవే. పారదర్శకమైన సీసాలో వెలుతురు తగిలిన పాలకు తడిసిన అట్ట వాసన వస్తుంది. రుచి పోతుంది గానీ అది బ్యాక్టీరియా వల్ల వచ్చింది కాదు.

ఒక్క విషయంలో ముక్కునూ నాలుకనూ నమ్ముకోలేం. లిస్టీరియా అనే బ్యాక్టీరియా పాశ్చరైజ్ చేసేటప్పుడు చచ్చిపోతుంది, కానీ తర్వాత ఎప్పుడైనా చేరితే ఫ్రిజ్ చలిలో కూడా పెరుగుతుంది, వాసన గానీ రుచి గానీ మారదు. ఇది అరుదు. అయినా గర్భిణులు, చిన్న పిల్లలు, పెద్ద వయసువాళ్లు, జబ్బుతో నీరసపడ్డవాళ్లు ఉన్న ఇంట్లో వాళ్లకిచ్చే పాలు తెరిచిన మొదటి రోజు, మహా అయితే రెండో రోజు వరకే. నాలుగో రోజువి బాగుంటే మిగతావాళ్లు తాగొచ్చు, వాళ్లకు మాత్రం వద్దు.

మీ కార్టన్‌కు తిరిగి వస్తే, తర్వాతిది తెరిచిన వెంటనే పెన్నుతో దాని మీద తేదీ రాయండి. మధ్య అరలో వెనక్కి పెట్టండి. ఐదు రోజుల్లో లీటరు అవ్వదనిపిస్తే 200 మిల్లీలీటర్ల పెట్టెలు కొనండి, తెరవనివి బయటే ఉంటాయి. గ్లాసు నీళ్ల పరీక్ష ఈ రాత్రే చేసి మీ ఫ్రిజ్‌లో ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి. 7 డిగ్రీలకు పైన వస్తే నేను చెప్పిన రోజులన్నీ సగానికి తగ్గించుకోవాలి.